ఉంగుటూరుకు రెండు టవర్లు, ఒకటే ఛానల్

విజయవాడ నుంచి రాజమండ్రికి మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీస్తే సుమారు 132 కిలోమీటర్లు వస్తుంది. ఏలూరు జిల్లా ఉంగుటూరు ఆ గీతకు కాస్త దక్షిణంగా, రాజమండ్రి వైపు ఒరిగి ఉంటుంది. (గన్నవరం పక్కన కృష్ణా జిల్లాలో ఇంకో ఉంగుటూరు ఉంది. అది కాదు.) ఇక్కడి నుంచి విజయవాడ గాలిదారిలో దాదాపు 90 కిలోమీటర్లు, రాజమండ్రి 43. ఇప్పుడు ఆ రెండు ఊళ్లలోనూ ఒక్కో టీవీ టవరు నిలబెట్టి, రెండింటినీ ఒకే ఛానల్ మీద, అంటే అక్షరాలా ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడుపుదామని ఎవరైనా అన్నారనుకుందాం. పాత దూరదర్శన్ ఇంజినీరు ఒప్పుకునేవాడు కాదు. డిజిటల్ ఇంజినీరు మాత్రం రెండు మూడు ప్రశ్నలు అడిగి, సరే అంటాడు. ఈ ఇద్దరి మధ్య తేడా ఎక్కడుందో, ఆ "సరే" ఎంతవరకు చెల్లుతుందో చూడటమే ఈ వ్యాసం పని.

ముందే చెప్పాలి, ఈ నెట్‌వర్క్ కాగితం మీదిదే. దూరదర్శన్ 2016 ఫిబ్రవరిలో డీవీబీ-టీ2 పద్ధతిలో డిజిటల్ భూతల ప్రసారాలు మొదలైనట్టు ప్రకటించిన 16 నగరాల్లో చెన్నై, బెంగళూరు, కటక్, రాయ్‌పూర్ ఉన్నాయి. ఈ నాలుగూ మన చుట్టూ ఉన్నవే. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్క ఊరు కూడా లేదు. ఆ పైన 2021, 2022లలో దేశమంతటా పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను విడతలవారీగా ఆపేశారు. సరిహద్దు ప్రాంతాల్లాంటి చోట్ల ఓ యాభై మాత్రం మిగిలాయి. గోదావరి జిల్లాల మేడల మీది యాంటెన్నాలకు పని పోయింది, వాటి స్థానంలో డిష్‌లు వచ్చాయి. అయినా లెక్క వేసి చూడటానికి ఈ నేల చాలా అనువైనది. కొండల గొడవ లేదు, అంతా చదును, మధ్యలో కొల్లేరు, పక్కనే సముద్రం. సిద్ధాంతంలో ఉన్న బలమూ బలహీనతా రెండూ ఇక్కడ దాపరికం లేకుండా కనిపిస్తాయి.

అనలాగ్ ఇంజినీరు అభ్యంతరం నుంచి మొదలుపెడదాం. పాత టీవీలో బొమ్మను గీతలు గీతలుగా పంపేవారు, ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు. రేడియో తరంగం కిలోమీటరు దాటడానికి మూడుంపావు మైక్రోసెకన్లకు కాస్త ఎక్కువ తీసుకుంటుంది. అదే సిగ్నల్ ఏదో భవనానికి తగిలి కిలోమీటరున్నర చుట్టు తిరిగి వస్తే అయిదు మైక్రోసెకన్లు ఆలస్యమై, తెర వెడల్పులో పదో వంతు పక్కకు జరిగి రెండో బొమ్మగా పడేది. యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా, ఇప్పుడు వచ్చిందా" అని మేడ మీద నుంచి అరిచిన తరానికి ఆ నీడ బొమ్మ బాగా తెలుసు. ప్రతిధ్వనే అంత చెరుపు చేస్తే, వంద కిలోమీటర్ల అవతలి రెండో టవరు అదే ఛానల్‌లో మొదలుపెడితే ఇక చెప్పేదేముంది? అందుకే పక్క పక్క ట్రాన్స్‌మిటర్లకు వేరు వేరు ఛానళ్లు ఇచ్చి, ఒక ఛానల్‌ను మళ్లీ వాడాలంటే వందల కిలోమీటర్లు ఆగేవారు. ఒకే కార్యక్రమం రాష్ట్రమంతా చూపించడానికి అరడజను ఛానళ్లు ఖర్చయ్యేవి.

బొమ్మను డిజిటల్ చేసినంత మాత్రాన ఈ కష్టం పోదు, ఇంకా పెరుగుతుంది కూడా. 8 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో ఒకే క్యారియర్ మీద అంకెలను ఒకదాని వెనుక ఒకటి పంపితే సెకనుకు దాదాపు 70 లక్షల సింబళ్లు పోవాలి. సింబల్ అంటే ఒక విడతలో పంపే సంకేతం. ఒక్కోదానికి మైక్రోసెకనులో ఏడో వంతు సమయం దక్కుతుంది, ఆ వ్యవధిలో తరంగం కదిలేది నలభై మీటర్లకు కాస్త ఎక్కువే. కిలోమీటరు ఆలస్యమైన ప్రతిధ్వని తన వెనుక వచ్చే ఇరవైకి పైగా సింబళ్ల మీద పడుతుంది.

ఓఎఫ్‌డీఎం పద్ధతి ఇక్కడ ఆటను తిరగేసింది. ఒక్క క్యారియర్‌ను వేగంగా తోలే బదులు వేల క్యారియర్లను పక్కపక్కన పెట్టి, ఒక్కోదాన్ని చాలా నెమ్మదిగా నడిపిస్తుంది. డీవీబీ-టీ2లో 32కే అనే పద్ధతిని తీసుకుంటే, 8 మెగాహెర్ట్జ్‌లో 27 వేలకు పైగా క్యారియర్లు ఉంటాయి, ఒకదానికీ ఇంకోదానికీ ఎడం 279 హెర్ట్జ్. మొత్తం మీద పోయే సమాచారం అంతే. కానీ ఒక్కో సింబల్ ఇప్పుడు 3,584 మైక్రోసెకన్లు నిలుస్తుంది. ఆ వ్యవధిలో తరంగం వెయ్యి కిలోమీటర్లు దాటి పోతుంది. ప్రతిధ్వని ఆలస్యం సింబల్ పొడవు ముందు చిన్నదైపోయింది.

ధనుర్మాసంలో ఊరికి రెండు చివర్లా ఉన్న గుళ్లు ఒకే పాశురాన్ని ఒకే క్షణంలో మైకులో వేస్తే, మధ్యలో ఉన్నవాడికి సాగదీసిన రాగం కలిసి హాయిగానే వినిపిస్తుంది, గబగబా చదివిన మంత్రం మాత్రం కలగాపులగం అవుతుంది. ఓఎఫ్‌డీఎం చేసింది ప్రతి అక్షరాన్నీ సాగదీయడమే.

అయితే సాగదీసినా, ఒక అక్షరం మారి ఇంకోటి మొదలయ్యే చోట కలగాపులగం తప్పదు. ఆలస్యంగా వచ్చిన ప్రతిలో ఇంకా పాత సింబల్ నడుస్తుంటుంది, ముందు వచ్చినదాంట్లో కొత్తది మొదలైపోతుంది. ఆ కాసేపటిని లెక్కలోకి తీసుకోకుండా వదిలేయడమే గార్డ్ ఇంటర్వల్. ప్రతి సింబల్ ముందూ కొంత అదనపు సమయం పంపుతారు, రిసీవరు దాన్ని పారేసి, మిగిలిన 3,584 మైక్రోసెకన్లనే కిటికీలా తెరిచి చదువుతుంది.

ఆ అదనపు సమయంలో ఏం పంపుతారన్నది అసలు కిటుకు. నిశ్శబ్దం పంపితే పాత సింబల్ కొత్తదానిలోకి చొరబడకుండా ఆపవచ్చు కానీ, అది సగం పరిష్కారమే. క్యారియర్లు అంత దగ్గరగా ఉండి కూడా ఒకదాన్ని ఒకటి తాకకుండా ఉండటానికి కారణం, కిటికీ తెరిచిన వ్యవధిలో ప్రతి క్యారియరూ పూర్తి సంఖ్యలో ఆవర్తనాలు చేయడం. ఒకటి వెయ్యి చుట్లు తిరిగితే పక్కది వెయ్యిన్నొకటి, అంతే తప్ప వెయ్యి చుట్ల మీద అర చుట్టు కాదు. గార్డ్‌లో నిశ్శబ్దం ఉంటే ఆలస్యంగా వచ్చిన ప్రతి మొదటి భాగం కిటికీలో ఖాళీగా కనిపిస్తుంది, దాని చుట్లు పూర్తి కావు, ఒక క్యారియర్ శక్తి పక్కవాటిలోకి ఒలికిపోతుంది. అందుకని సింబల్ తోకను కోసి తెచ్చి దాని తలకే అతికిస్తారు. తరంగం మొదలూ చివరా అతుకు తెలియకుండా కలుస్తాయి. ఇప్పుడు ఆలస్యం గార్డ్ లోపల ఎంతున్నా, కిటికీలో కనిపించేది ఆ సింబల్‌కు చెందిన పూర్తి చుట్లే. ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న రెండు తరంగాలు కలిస్తే వచ్చేదీ అదే ఫ్రీక్వెన్సీ తరంగం. దాని ఎత్తు, దశ మాత్రం మారతాయి. ఆ మార్పును కొలవడానికి మధ్యమధ్యలో ముందే విలువ తెలిసిన పైలట్ క్యారియర్లు ఉంటాయి. వాటిని చూసి రిసీవరు మిగిలినవాటిని సరిదిద్దుకుంటుంది.

ఇక్కడి నుంచి పక్క టవరుకు సంబంధించిన విషయం దానంతటదే తేలిపోతుంది. రాజమండ్రి టవరు నుంచి ఒక సిగ్నల్, విజయవాడ టవరు నుంచి అదే బిట్లు మోస్తున్న ఇంకో సిగ్నల్ ఉంగుటూరు చేరితే, అందులో రెండోది ఇంకో టవరుదని రిసీవరుకు తెలియదు, తెలియనవసరం కూడా లేదు. దానికది ఏదో పెద్ద కొండకు తగిలి వచ్చిన ప్రతిధ్వని, అంతే. గార్డ్ లోపల పడితే దాన్ని కలుపుకుంటుంది, పైగా శక్తి పెరుగుతుంది.

లెక్క వేద్దాం. రాజమండ్రి సిగ్నల్ ఉంగుటూరు చేరడానికి సుమారు 145 మైక్రోసెకన్లు, విజయవాడ సిగ్నల్‌కు 300. తేడా 155. 32కేలో గార్డ్‌ను సింబల్‌లో ఎనిమిదో వంతు పెట్టుకుంటే 448 మైక్రోసెకన్లు, అంటే 134 కిలోమీటర్ల దారి తేడాను తట్టుకుంటుంది. ఉంగుటూరు హాయిగా లోపల ఉంది. చూడాల్సింది టవరు ఎంత దూరమన్నది కాదు, రెండు దూరాల తేడా. 90 కిలోమీటర్ల అవతలి టవరు ఇక్కడ నిరపాయం, 400 కిలోమీటర్ల అవతల రెండు టవర్లు పక్కపక్కనే ఉంటే అవీ నిరపాయమే.

ఈ తేడా ఎక్కడికి వెళ్లినా రెండు టవర్ల మధ్య దూరాన్ని మించదు. త్రిభుజంలో రెండు భుజాల తేడా మూడో భుజాన్ని మించదన్న బడి లెక్కే అది. కాబట్టి మన కాగితం నెట్‌వర్క్‌లో అత్యంత చెడ్డ చోటు రాజమండ్రి టవరు కింద, దాని అవతల గట్టున, లేదా విజయవాడ టవరు వెనుక. అక్కడ తేడా 440 మైక్రోసెకన్లు. 448కి ఇంచుమించు అంచున నిలిచింది. కృష్ణా గోదావరుల మధ్య దూరం ఈ ప్రమాణానికి ఇంత దగ్గరగా రావడం యాదృచ్ఛికమే అయినా, నాకు ముచ్చటేసింది. నిజానికి ఆ అంచు దాటినా రాజమండ్రిలో ఎవరికీ నష్టం ఉండదు. పక్కనే టవరు గర్జిస్తుంటే 132 కిలోమీటర్ల అవతలిది గుసగుస కూడా కాదు. గార్డ్ దాటి వచ్చిన ప్రతిధ్వని అసలు సిగ్నల్ శక్తిలో వందో వంతుకు తక్కువగా ఉంటే మామూలు సెట్టింగుల్లో రిసీవరు దాన్ని పెద్దగా పట్టించుకోదు. గార్డ్ మించిన ఆలస్యం, చెప్పుకోదగిన బలం, ఈ రెండూ ఒకే చోట కలిసినప్పుడే గొడవ. ఒకే ఫ్రీక్వెన్సీ నెట్‌వర్క్ గార్డ్ కన్నా పెద్దది కాకూడదని కొన్ని పుస్తకాల్లో రాస్తారు. అది అతి జాగ్రత్త. స్పెయిన్ 2000 నాటికే 66 నుంచి 69 వరకు ఛానళ్లను దేశవ్యాప్త ఒకే ఫ్రీక్వెన్సీ నెట్‌వర్కులకు కేటాయించింది. ఆనాటి డీవీబీ-టీ గార్డ్ గరిష్ఠంగా 224 మైక్రోసెకన్లు, అంటే 67 కిలోమీటర్లు. దేశం దానికి ఎన్నో రెట్లు పెద్దది.

అందరూ ఆలస్యం గురించే భయపడతారు గానీ, ఆలస్యం బొత్తిగా లేని చోటే నిజంగా చికాకు. రెండు టవర్లకూ సమదూరంలో ఉన్న గీత దెందులూరు, భీమడోలు మధ్య హైవేను దాటి, ఆగ్నేయంగా కొల్లేరులోకి దిగుతుంది. ఆ గీత మీద రెండు సిగ్నళ్లూ ఒకే క్షణంలో, ఇంచుమించు ఒకే బలంతో వస్తాయి. కొన్ని చోట్ల కలిసి బలపడతాయి, అడుగు పక్కన ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకుంటాయి. తేడా 155 మైక్రోసెకన్లు ఉన్నప్పుడు ఈ రద్దు ఛానల్ వెంబడి ప్రతి ఆరున్నర కిలోహెర్ట్జ్‌కు ఒకసారి వచ్చే సన్నని గుంటలుగా పడుతుంది. కొన్ని క్యారియర్లు మునిగినా మిగిలినవి తేలి ఉంటాయి, దోషాలు దిద్దే కోడు మునిగినవాటిని రాబడుతుంది. తేడా మైక్రోసెకనులో పదో వంతుకు పడిపోతే గుంట వెడల్పు మొత్తం ఛానల్‌ను మింగేంత అవుతుంది. అప్పుడు కోడుకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

మందు చిన్నదే. ఒక ట్రాన్స్‌మిటరును కావాలని కాస్త ఆలస్యంగా నడుపుతారు. రాజమండ్రిని 20 మైక్రోసెకన్లు వెనక్కి నెడితే సమాన గీత మూడు కిలోమీటర్లు తూర్పుకు జరుగుతుంది. గీత మాయం కాదు, జరుగుతుంది. ఎక్కడికి జరపాలన్నది ఇంజినీరు తీర్పు. దక్షిణాన అది ఎలాగూ కొల్లేరు నీటి మీదే పోతోంది. ఉత్తరాన హైవే పక్క ఊళ్లను తప్పించాలి. ఆ ఆలస్యం ఊరికే రాదు. విజయవాడ వెనుక తేడా 460కి పెరిగి గార్డ్ దాటుతుంది. అక్కడ రాజమండ్రి సిగ్నల్ బలహీనం కాబట్టి ఒప్పుకోవచ్చు. మేడ మీద యాగీ యాంటెన్నా ఉన్న ఇంటికి ఈ బాధ ఇంకా తక్కువ. ఆ ప్రాంతంలో రెండు టవర్లూ దాదాపు ఎదురెదురు దిక్కుల్లో ఉంటాయి, ప్రణాళికల్లో వాడే ప్రామాణిక యాంటెన్నా వెనుక నుంచి వచ్చేదాన్ని 16 డెసిబెల్స్, అంటే నలభయ్యో వంతుకు తగ్గిస్తుంది. ఇంట్లో టీవీ వెనుక పుల్ల యాంటెన్నా గుచ్చుకున్నవాడిదే కష్టమంతా.

ఇదంతా పనిచేయాలంటే రెండు టవర్లూ ఒకే బిట్లను, ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే సమయానికి పంపాలి. దీనికోసం కార్యక్రమాలన్నింటినీ ఒకే చోట, గేట్‌వే అనే యంత్రంలో మూటగట్టి, ప్రతి మూట మీద ఇది ఏ క్షణాన గాలిలోకి పోవాలో ముద్ర వేసి పంపుతారు. లింకులో ఒక ఊరికి ముందు, ఒక ఊరికి వెనుక చేరినా ట్రాన్స్‌మిటర్లు ఆ క్షణం దాకా ఆగి వదులుతాయి. గడియారం జీపీఎస్ నుంచి వస్తుంది, ఫ్రీక్వెన్సీ ఆధారమూ దాని నుంచే. ఎలుక వైరు కొరికో, పిడుగు పడో జీపీఎస్ యాంటెన్నా పోతే లోపలి స్ఫటిక గడియారం కొన్ని గంటలు ఈడ్చుకొస్తుంది, ఆ తర్వాత జారిపోతుంది. జారిన ట్రాన్స్‌మిటరు తన ఊరికి బొమ్మ ఇస్తూనే పొరుగువారికి శత్రువవుతుంది. అందుకే అలాంటప్పుడు దానంతటదే నోరు మూసుకునేలా అమరుస్తారు. అది మంచిదే.

చూసేవాడికి ఈ జబ్బు ఎలా తెలుస్తుంది? సెట్‌టాప్ బాక్సులో సిగ్నల్ బలం గీత నిండుగా ఉండి, నాణ్యత గీత కింద పడి ఉంటే అనుమానించాలి. యాంటెన్నాను కొద్దిగా తిప్పినప్పుడు బలం తగ్గి నాణ్యత పెరిగితే అనుమానం బలపడుతుంది, గార్డ్ దాటిన సిగ్నల్ ఏదో వస్తూ ఉండవచ్చు. ఇంజినీరు మీటరులో కాల రేఖ మీద ఒక్కో ట్రాన్స్‌మిటరు ఒక్కో నిలువు గీతగా కనిపిస్తుంది. గార్డ్ హద్దు బయట ఎత్తుగా నిలిచిన గీతే దోషి, ఆలస్యాన్ని దూరంగా మారిస్తే ఏ ఊరి టవరో తేలిపోతుంది.

ఈ నేలలో ఆ దోషిని తెచ్చిపెట్టేది చాలావరకు వాతావరణం. నూటయాభై మీటర్ల టవరుకూ, పది మీటర్ల ఎత్తు యాంటెన్నాకూ మామూలు రోజున రేడియో దిగంతం 63 కిలోమీటర్ల దగ్గర ముగుస్తుంది. అంటే ఉంగుటూరుకు విజయవాడ నేరుగా కనిపించదు, వంగి చేరే కాస్త సిగ్నలే. కానీ గాలి కదలని శీతాకాలపు రాత్రుల్లో, నీటి మీది చల్లని తడిగాలి పైన వెచ్చని పొడిగాలి పొర పరుచుకుంటే, తరంగం ఆ రెండింటి మధ్య గొట్టంలో పడినట్టు వందల కిలోమీటర్లు పోతుంది. తమిళనాడు తీరంలో శ్రీలంక రూపవాహినిని చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. మన నెట్‌వర్క్‌లో విశాఖను కూడా అదే ఛానల్ మీద చేర్చామనుకుందాం. ఉంగుటూరుకు అది 214 కిలోమీటర్లు, రాజమండ్రితో తేడా 171 కిలోమీటర్లు, అంటే 570 మైక్రోసెకన్లు. 32కేలో గార్డ్‌ను ఇంకో మెట్టు పెంచినా 532 దగ్గరే ఆగుతుంది. ఏడాదిలో ఎక్కువ రాత్రులు ఏమీ కాదు. ఏ కొన్ని రాత్రులో మాత్రం తీరం వెంబడి వచ్చిన విశాఖ సిగ్నల్ కొల్లేటి ఊళ్లలో బొమ్మను ముక్కలు చేస్తుంది. ప్రణాళిక వేసేవాళ్లు అందుకే జోక్యపు సిగ్నల్‌ను నూటికి ఒక శాతం సమయంలో ఎంత బలంగా రావచ్చో చూసి లెక్కిస్తారు, సగటును నమ్మరు. నా మట్టుకు విశాఖకు వేరే ఛానల్ ఇస్తాను.

గార్డ్‌ను ఇంకా పెంచితే పోలేదా అనిపిస్తుంది. గార్డ్‌లో పోయే సమయం బొమ్మకు పనికిరాదు. స్పెయిన్ వాడిన నాలుగో వంతు గార్డ్‌లో అయిదింట ఒక వంతు సమయం గాల్లో కలిసేది. అదే సెట్టింగును అత్యల్ప గార్డ్‌తో నడిపితే సెకనుకు 24.13 మెగాబిట్లు వచ్చేవి, నాలుగో వంతుతో 19.91. బ్రిటన్‌లో పెద్ద టవర్లకు ఎలాగూ వేరు వేరు ఛానళ్లు ఉన్నాయి కాబట్టి, తన హెచ్‌డీ ప్రసారాలకు 28 మైక్రోసెకన్ల గార్డ్ చాలనుకుని 40 మెగాబిట్లు రాబట్టుకుంది. ఛానళ్లు పొదుపు చేయాలా, ఒక్కో ఛానల్‌లో ఎక్కువ కార్యక్రమాలు ఇరికించాలా అన్నదే పేచీ. దీనికి డీవీబీ-టీ2 చూపిన దారి సింబల్‌నే నాలుగింతలు సాగదీయడం. 448 మైక్రోసెకన్ల గార్డ్ అందులో తొమ్మిదో వంతు సమయాన్నే తింటుంది. కానీ సింబల్ పొడుగైతే క్యారియర్లు దగ్గరవుతాయి. 16వ నంబరు హైవే మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే కారులో, 500 మెగాహెర్ట్జ్ దగ్గర, డాప్లర్ వల్ల ఫ్రీక్వెన్సీ 46 హెర్ట్జ్ దాకా జరుగుతుంది. క్యారియర్ల ఎడమే 279 అయినప్పుడు అది చాలా ఎక్కువ. 32కే మేడ మీది యాంటెన్నాకు, కదిలే ఫోనుకు కాదు.

ఇంకో బంధనం సాంకేతికం కాదు. ఒకే బిట్లు అన్నాక విజయవాడకు ఒక ప్రకటన, రాజమండ్రికి ఇంకో జిల్లా వార్త కుదరదు. 2014 తర్వాత దూరదర్శన్‌కు ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి, తెలంగాణలో యాదగిరి ఉన్నాయి. ఒక మల్టీప్లెక్స్‌లో సప్తగిరి, ఇంకోదాంట్లో యాదగిరి పెడితే, ఖమ్మం టవరు మన టవర్లతో ఛానల్ పంచుకోలేదు. ఎంత గార్డ్ పెట్టినా వేరే బిట్లు వేరే బిట్లే. రెండూ ఒకే మల్టీప్లెక్స్‌లో పెట్టి రెండు రాష్ట్రాలకూ పంపితే కుదురుతుంది. చూసేవాళ్లకు అభ్యంతరం ఉండదనే అనుకుంటాను.

ట్రాయ్ 2017 జనవరి సిఫార్సుల్లో 2023 చివరికల్లా దేశమంతా డిజిటల్ భూతల ప్రసారాలకు మారాలని గడువు పెట్టింది. ఆ గడువు అలా దాటిపోయింది. ఈలోగా చర్చ నేరుగా ఫోనులోకి ప్రసారం వైపు మళ్లింది. ఏటీఎస్‌సీ 3.0 ప్రమాణం మీద ఐఐటీ కాన్పూర్, సాంఖ్య ల్యాబ్స్, ప్రసార భారతి ప్రయోగాలు చేశాయి, 470–582 మెగాహెర్ట్జ్‌ను దానికి కేటాయించాలన్న ఆలోచనను ప్రభుత్వం బయటపెట్టింది. ఫోనుకు మేడ మీద యాంటెన్నా ఉండదు, అది కదులుతుంది, ఇంటి లోపల ఉంటుంది. అందువల్ల పొడవాటి సింబల్ పనికిరాదు, పొట్టి సింబల్‌లో పెద్ద గార్డ్ పెడితే నష్టం ఎక్కువ, కాబట్టి టవర్లు దగ్గర దగ్గరగా, పొట్టిగా రావాలి. ఏలూరులో ఒకటి, తాడేపల్లిగూడెంలో ఒకటి పెడితే మధ్య దూరం 47 కిలోమీటర్లు, గరిష్ఠ తేడా 157 మైక్రోసెకన్లు. ఏటీఎస్‌సీ 3.0లో 6 మెగాహెర్ట్జ్ ఛానల్‌కు 148 మైక్రోసెకన్ల గార్డ్ ఒకటి ఉంది. అది అంచుల్లో మాత్రమే చాలదు, అక్కడ అవతలి టవరు ఎలాగూ బలహీనం. ఉంగుటూరులో ఆ రెండింటి తేడా 82 మైక్రోసెకన్లే. రాజమండ్రి, విజయవాడ పెద్ద టవర్లను అదే ఛానల్‌లో ఉంచితే మాత్రం కొల్లేటి మీద గాలి నిలిచిన రాత్రి లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి.